నెలనెలా లేటుగా డేటా ఇచ్చే సహోద్యోగితో ఏమని మాట్లాడాలి?

లెక్కలమ్మాయి, విజయవాడ

నాది పీవీసీ పైపులు, కేబుళ్ల హోల్‌సేల్ సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం. హెడ్డాఫీసు బెజవాడ. గుంటూరు, ఏలూరుల్లో బ్రాంచీలు. రెండు బ్రాంచీల అమ్మకాల లెక్క గుంటూరులో కూర్చునే అకౌంటెంటు చూస్తారు. వయసులో నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, హోదాలో ఇద్దరం సమానం. నేను అన్నా అని పిలుస్తాను, ఆయన అమ్మా అంటారు.

అమ్మకాల లెక్క చెప్పే జీఎస్టీఆర్-1 రిటర్ను ప్రతి నెలా 11లోపు వేయాలి. అందుకని బ్రాంచి డేటా 5కల్లా కావాలని అనుకున్నాం. ఏ నెలా రాలేదు. మార్చి డేటా ఏప్రిల్ 8న, ఏప్రిల్‌ది మే 9న, మేది జూన్ 10 రాత్రి 9 దాటాక వచ్చాయి. జూన్ డేటా అయితే ఏకంగా జులై 12న. రిటర్ను 13న వేశాను. మొన్న ఒక కాంట్రాక్టరు ఫోన్ చేసి, ‘మీ బిల్లు మా 2బీలో లేదు, జీఎస్టీ డబ్బు ఇప్పుడు ఇవ్వను’ అన్నాడు. 2బీ అంటే మేం వేసిన రిటర్ను ప్రకారం కొన్నవాళ్లకు కనిపించే బిల్లుల లిస్టు. 2,40,000 బిల్లు మీద 18 శాతం అంటే 43,200. మాట పడింది నేను.

రాత్రి కోపంలో ఈ మెసేజ్ టైప్ చేసి పంపకుండా ఆపుకున్నాను: ‘అన్నా, ప్రతిసారీ మీ వల్లే లేటవుతోంది. మీకసలు పట్టింపే లేదు. ఈసారి ఓనర్‌కి చెప్పక తప్పదు.’ పంపేయనా? లేక ఇంకోలా చెప్పే దారి ఉందా?

మిర్చి యార్డు

పంపేయ్ చెల్లీ. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి. మా దగ్గరైతే గుమస్తా రెండుసార్లు లేటు చేస్తే మూడోసారి మెమో. ఒక్క మెమో ఇవ్వు, దెబ్బకి దారికొస్తాడు.

లెక్కలమ్మాయి

మెమో ఇవ్వడానికి నేను ఆయన బాస్‌ని కాదండీ. ఇద్దరం ఒకే మేనేజర్ కింద పనిచేస్తాం.

కరీంనగర్ పోరడు

అక్కా, నాకొక డౌటు. మీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటది కదా. అప్పుడు బిల్లు గవర్నమెంటు పోర్టల్లో నమోదు చేసే ఈ-ఇన్వాయిస్ కంపల్సరీ. ఆ బిల్లులు జీఎస్టీఆర్-1లోకి వాటంతట అవే వచ్చేస్తాయి. మరి ఆయన డేటాతో మీకేం పని? నొక్కేసి ఫైల్ చేసుడే కదా.

పాత లెడ్జరు

తమ్ముడు సగం కరెక్టు. జీఎస్టీ నంబరు ఉన్న వాళ్లకు కొట్టిన బిల్లులు ఈ-ఇన్వాయిస్ నుంచి వచ్చేస్తాయి. కౌంటర్ దగ్గర రైతుకో, ఇల్లు కట్టుకునే వాళ్లకో చేతిబిల్లు రాసి అమ్మినవి రావు. వాటిని ఎవరో ఒకరు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీలో ఎక్కించాలి. జీఎస్టీఆర్-1లో 13వ టేబుల్ ఉంటుంది. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు రాశారు, అందులో ఎన్ని రద్దయ్యాయి అని అక్కడ చెప్పాలి. ఒక బిల్లు పుస్తకం లెక్క రాకపోతే మొత్తం రిటర్ను ఆగుతుంది. కాంట్రాక్టరు బిల్లు ఎప్పుడో తయారుగా ఉన్నా, ఎవరో రైతు కొన్న రెండు లెంతుల పైపు బిల్లు ఎక్కలేదని దాన్ని కూడా ఆపాల్సి వస్తుంది. 11లోపు వేస్తే కొన్నవాడికి 14న తయారయ్యే 2బీలో కనిపిస్తుంది. 13న వేస్తే వచ్చే నెల 2బీలోనే. కొన్నప్పుడు ఇచ్చిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ వాడికి ఒక నెల వెనక్కి పోయింది, డబ్బు ఆపాడు. ఇది మామూలే.

అమ్మాయ్, ముప్పై ఏళ్లుగా నేను చేసే పని ఇదే. నీ మెసేజ్‌లో మూడు వాక్యాలున్నాయి, ఒక్కదాన్లోనూ తేదీ లేదు. మాకు ఇక్కడ చెప్పిన తేదీలు ఆయనకు రాసిన దాంట్లో ఏవీ? ‘ప్రతిసారీ’ అన్నావా, ఆయన టైముకి ఇచ్చిన ఒక్క నెల వెతికి పట్టుకొస్తాడు. ఇక గొడవంతా ఆ నెల మీదే నడుస్తుంది. ‘పట్టింపు లేదు’ అంటే ఆయన మనసులో ఏముందో నువ్వు తేల్చేసినట్టు. దానికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు?

పంపే ముందు ఒక పని చెయ్. నువ్వు చెప్పిన నాలుగు తేదీల్నీ మెయిల్లోనూ వాట్సాప్‌లోనూ చూసి సరిపోల్చుకో. ఇంకోటి, 5వ తేదీ అని ‘అనుకున్నాం’ అన్నావు. ఎవరెవరు అనుకున్నారు? ఎప్పుడు?

డాలస్ నైట్‌షిఫ్ట్

నా కథ కూడా ఇలాంటిదే. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అతను బెంగళూరు, నేను ఇక్కడ. ‘శుక్రవారానికి ఇస్తా’ అనేవాడు. నా శుక్రవారం పొద్దున అతనికి శుక్రవారం రాత్రి. రాత్రి పన్నెండులోపు ఇస్తే శుక్రవారమే కదా అని అతని లెక్క. నేను పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఉంటుందని నా లెక్క. మూడు నెలలు మౌనంగా పళ్లు కొరుక్కున్నాను. తీరా చూస్తే ఇద్దరిదీ తప్పు కాదు. ఏ టైమ్‌జోన్‌లో ఎన్ని గంటలకో ఎవరూ రాయలేదు. మీ 5వ తేదీ అంటే 5 పొద్దునా, 5 రాత్రా?

లెక్కలమ్మాయి

పాత లెడ్జరు గారూ, చూశాను. కొంచెం సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ డేటా మే 9న రాలేదు. గుంటూరు ఫైలు మే 6నే మెయిల్‌కి వచ్చి పడి ఉంది. నేను వాట్సాప్‌లో ఎదురుచూస్తూ మెయిల్ తెరవలేదు. 9న అడిగితే ఆయన పాపం ఏమీ అనకుండా మళ్లీ పంపారు. నేనేమో దాన్నే వచ్చిన తేదీ అనుకున్నాను. ఏలూరుది మాత్రం 8న వచ్చింది.

ఇక 5వ తేదీ సంగతి. ఫిబ్రవరిలో మేనేజర్ గ్రూపులో ‘అందరూ డేటా 5కల్లా పంపండి’ అని పెట్టారు. ఆయన బొటనవేలి గుర్తు కూడా పెట్టలేదు. విడిగా ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మిగతా మూడు తేదీలు కరెక్టే.

పాత లెడ్జరు

నయం, ఇప్పుడే తెలిసింది. ఆ మే నెల పట్టుకుని మాట్లాడి ఉంటే మిగతా మూడు నెలలూ గాలికి పోయేవి.

ఇప్పుడు ఫోన్ చెయ్. మెసేజ్ వద్దు, గ్రూపులో అసలే వద్దు. ఆయన తీరిగ్గా ఉండే వేళ చూసుకో. ముందు తేదీలు, తర్వాత వాటి వల్ల జరిగింది, ఆపైన ఒక ప్రశ్న. నేనైతే ఇలా అంటాను: ‘అన్నా, మార్చి డేటా 8న వచ్చింది, మేది 10 రాత్రి, జూన్‌ది 12న. జూన్ రిటర్ను 13న వేశాం, ఒక కస్టమరు 43,200 ఆపాడు. మే 6న మీరు పంపిన ఫైలు నేనే చూసుకోలేదు, అది నా పొరపాటు. అసలు మీ దగ్గర పని ఎక్కడ ఆగుతోందన్నా?’ అంతే. అడిగాక నోరు మూసుకో. ఐదారు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే మనకే భయమేసి, ‘పర్లేదులే అన్నా, ఈసారి చూసుకోండి’ అనేస్తాం. అక్కడే చెడిపోతుంది. ఆయన్ని చెప్పనీ.

మిర్చి యార్డు

ఇంత రాజకీయం అవసరమా? లేటు లేటే.

ప్రూఫు కాగితం

మిర్చి యార్డు గారూ, నేను ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డుల సీజన్‌లో మా ప్రూఫ్‌రీడరుతో మీ పద్ధతిలోనే మాట్లాడాను. మర్నాటి నుంచి ఆయన టైముకి ఇచ్చారు, నిజమే. చదవకుండా ఇచ్చారు. ఒక కార్డులో పెళ్లికొడుకు ఇంటిపేరే తప్పు పడింది. అయిదు వందల కార్డులు మళ్లీ వేశాం.

బ్యాంకు రిటైర్డు

ఆడిటు సమయంలో మా బ్రాంచిలో కూడా ఇలాగే ఉండేది. ఒక మాట. ‘ఎంతవరకు వచ్చింది?’ అని మాత్రం అడగవద్దు. ‘అయిపోవచ్చిందండీ, తొంభై శాతం అయింది’ అంటారు. ఆ తొంభై శాతం వారం రోజులు తొంభై దగ్గరే ఉంటుంది. అబద్ధమని కాదు, ఆ మనిషికి కూడా తెలియదు.

లెక్కలమ్మాయి

మాట్లాడాను. పొడుగ్గా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

తేదీలు చెప్పి, మే 6 సంగతి ఒప్పుకుని, ఎక్కడ ఆగుతోందని అడిగి ఊరుకున్నాను. అటునుంచి మాట లేదు. లైన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను కూడా. తర్వాత అన్నారు, ‘నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నానమ్మా’ అని.

ఏలూరులో కౌంటర్ కుర్రాడు బిల్లుల డూప్లికేట్ కాపీలన్నీ నెలాఖరుకి కట్టగట్టి ఆర్టీసీ కార్గోలో గుంటూరు పంపుతాడట. ఆ కట్ట 1నో 2నో చేరుతుంది. ఆ రెండు రోజులూ ఓనర్ ఈయన్ని గోడౌన్‌లో స్టాక్ లెక్కకి కూర్చోబెడతారు. అంటే బిల్లులు ముట్టుకునేది 3న. రెండు బ్రాంచీలవీ కలిపి నెలకి 400 దాకా చేతిబిల్లులు. ఫోన్లు, కస్టమర్ల మధ్య రోజుకి 60 ఎక్కితే గొప్ప. లెక్కేసుకుంటే ఏడు రోజులు. 3న మొదలుపెడితే 9 అవుతుంది, ఒక్క రోజు సెలవు పడితే 10. జూన్‌లో ఆయనకి రెండు రోజులు జ్వరం. 12 అయింది.

అంటే 5న ఇవ్వడం ఇప్పుడున్న పద్ధతిలో ఆయనకే కాదు, ఎవరికీ కుదరదు. నాలుగు నెలలుగా నేను కోప్పడింది దీని మీద.

ఇంకోటి కూడా చెప్పారు. ఇక్కడ రాయాలంటే ఇబ్బందిగానే ఉంది. హెడ్డాఫీసు నుంచి బ్రాంచీలకి వెళ్లే సరుకు డెలివరీ చలాన్ల లిస్టు నేను ఆయనకి 4నో 5నో పంపుతున్నాను. అది లేకుండా ఆయన స్టాక్ లెక్క తేలదు. ‘నువ్వూ లేటే కదమ్మా’ అని నవ్వారు. దానికి తేదీ ఉందని నాకు ఎవరూ చెప్పలేదు!

కరీంనగర్ పోరడు

మస్తుంది. ఇద్దరికీ ఇద్దరూ లేటే.

పాత లెడ్జరు

ఇప్పుడు చెక్‌పాయింట్ పెట్టుకోవచ్చు. కారణం తెలియకముందే పెట్టుకుని ఉంటే ప్రతి వారం ఆయన ‘ఇంకా కట్ట రాలేదమ్మా’ అనేవాడు, నువ్వు ‘సరే’ అనేదానివి.

నెలకి రెండు చాలు. 16న ఒకటి, 26న ఒకటి. ఫోన్లో పది నిమిషాలు. బ్యాంకు రిటైర్డు గారు చెప్పినట్టు శాతాలు వద్దు, నంబర్లు చూడండి. బిల్లు పుస్తకంలో ఆఖరున రాసిన నంబరు ఎంత, టాలీలో ఆఖరున ఎక్కిన నంబరు ఎంత. గుంటూరుకి ఒక జత, ఏలూరుకి ఒక జత. పుస్తకంలో 212, టాలీలో 190 అంటే 22 బాకీ. నంబరు చెప్పాక ఇంక వాదన ఉండదు. మధ్యలో నంబరు ఎగిరితే అది రద్దయిన బిల్లా, పోయిన బిల్లా అని కూడా అప్పుడే తెలిసిపోతుంది. 13వ టేబుల్ దగ్గర కూర్చుని తల పట్టుకోనక్కర్లేదు.

26న కూర్చున్నప్పుడు 25 దాకా బిల్లులు ఎక్కి ఉంటే సుమారు 330 అయిపోయినట్టు. ఇంక 70 మిగులుతాయి. 3న మొదలుపెట్టినా 5 సాయంత్రానికి తేలుతుంది. కానీ ఏలూరు కట్ట నెలకి ఒకసారే వస్తే ఇదంతా దండగ. వారానికోసారి రావాలి, లేదా ఆ కుర్రాడు రోజూ బిల్లుల ఫొటోలు పెట్టాలి.

హైటెక్ సిటీ లిఫ్టు

నాకిది నచ్చలేదు, ఏమీ అనుకోవద్దు. సమాన హోదాలో ఉన్న మనిషిని నెలకి రెండుసార్లు నంబర్లు అడగడం పోలీసు స్టేషన్లో సంతకం పెట్టించుకున్నట్టే. మా కంపెనీలో రోజూ పొద్దున నిలబడి మీటింగ్ పెడతారు. మొదట్లో పని కోసం పెట్టారు, ఇప్పుడు అటెండెన్స్‌కి ఉంది. మీదీ అలాగే తయారవుతుంది.

పాత లెడ్జరు

నువ్వన్నది కొట్టిపారేయలేను. ఒకవైపు నుంచే అడిగితే అది సంతకమే. అందుకే అమ్మాయి కూడా అదే పది నిమిషాల్లో తన చలాన్ల లెక్క చెప్పాలి. ‘ఈ నెల ఎన్ని చలాన్లు వెళ్లాయి, లిస్టులో ఎన్ని ఎక్కాయి’ అని ఆయనా అడగాలి. ఎన్నాళ్లో కూడా ముందే అనుకోండి. మూడు నెలలు చూసి, టైముకి వస్తుంటే ఒకటి తీసేయండి.

లెక్కలమ్మాయి

‘అన్నా, 16న, 26న పది నిమిషాలు మాట్లాడుకుందామా? మీరు బిల్లు నంబర్లు చెప్పండి, నేను చలాన్లు చెబుతాను. మూడు నెలలు చూద్దాం’ అన్నాను. 26 సరేనన్నారు. 16 వద్దన్నారు, ఆ రోజుల్లో కలెక్షన్‌కి తిరుగుతారట. 18కి మార్చుకున్నాం. ‘5 సాయంత్రం 6 లోపు’ అని తేదీతో పాటు టైమ్ కూడా వాట్సాప్‌లో రాసి పంపాను. ఈసారి ‘ఓకే అమ్మా’ అని జవాబొచ్చింది.

మిర్చి యార్డు

ఇంత చేశాక కూడా ఇవ్వకపోతే? అప్పుడూ అన్నా అన్నా అంటావా?

బ్యాంకు రిటైర్డు

అప్పుడు మేనేజరుకు చెప్పవచ్చు. కాని చెప్పబోతున్నట్టు ముందుగా ఆయనకే చెప్పాలి. ‘అన్నా, 7 దాటితే మేనేజరు గారికి తెలియజేయక తప్పదు, 11 నా చేతిలో లేదు’ అని. వెనక నుంచి వెళితే మళ్లీ ఆయన మీకు ఏ కారణమూ చెప్పరు.

హైటెక్ సిటీ లిఫ్టు

మొదట్నుంచీ మేనేజర్‌ని పక్కన పెట్టడమే తప్పని నా ఉద్దేశం. 1, 2 తేదీల్లో ఆయన్ని గోడౌన్‌లో కూర్చోబెట్టేది ఓనర్. మీరిద్దరూ ఫోన్లో ఎన్ని నంబర్లు చెప్పుకున్నా ఆ రెండు రోజులు వెనక్కి రావు.

పాత లెడ్జరు

ఒప్పుకుంటున్నా. అది చెక్‌పాయింట్‌తో తీరేది కాదు. కాకపోతే రెండు నెలల నంబర్లు చేతిలో ఉంటే ఓనర్‌తో మాట్లాడటం తేలిక. ఇద్దరూ కలిసి వెళ్లాలి, ఒక్కతే వెళ్లకూడదు.

లెక్కలమ్మాయి (సెప్టెంబరు)

అడిగిన వాళ్లందరికీ అప్‌డేట్.

జులై నెలకి 26న కూర్చున్నాం. గుంటూరు 9 బిల్లులు బాకీ, ఏలూరు 61. ఏలూరు కుర్రాడు ఒక వారం ఫొటోలు పెట్టి మానేశాడు. ఆ రోజే తెలిసింది కాబట్టి అన్న అప్పుడే ఫోన్ చేసి, కట్ట మర్నాడు బస్సులో వేయించారు. గుంటూరు డేటా ఆగస్టు 5 మధ్యాహ్నం, ఏలూరుది 6 సాయంత్రం వచ్చాయి. రిటర్ను 9న వేశాను. చాలా నెలల తర్వాత 11 రాత్రి టెన్షన్ లేకుండా అన్నం తిన్నాను.

ఆగస్టులో 18న మాట్లాడుకున్నాం, 26న కుదరలేదు. చవితి సరుకు హడావుడిలో ఆయన ఎత్తలేదు, నేనూ మళ్లీ చేయలేదు. డేటా మొత్తం సెప్టెంబరు 8న వచ్చింది. ఈసారి 5 పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి ‘8 అవుతుందమ్మా, ఏలూరు 40 ఉన్నాయి’ అని చెప్పారు. లేటు లేటే అనుకోండి, మిర్చి యార్డు గారూ. కానీ 8 అని ముందే తెలిసింది కాబట్టి మిగతా పని ముగించి పెట్టుకున్నాను.

నా చలాన్ల లిస్టు మాత్రం రెండు నెలలూ 1కల్లా ఇచ్చాను.

ఓనర్‌తో ఇంకా మాట్లాడలేదు. ‘దసరా అయ్యాక చూద్దాం’ అంటున్నారు అన్న. నాకూ ధైర్యం చాలడం లేదు.

ప్రూఫు కాగితం

26న మీరే మళ్లీ ఎందుకు చేయలేదు?

లెక్కలమ్మాయి

విసిగిస్తున్నానేమో అనిపించింది. అక్టోబరు నుంచి ఆయనే ఫోన్ చేసేలా మార్చుకున్నాం. నిలుస్తుందో లేదో చూడాలి.

కరీంనగర్ పోరడు

అక్కా, అంతా మంచిగుంది గానీ ఆ కాంట్రాక్టరు 43,200 ఇచ్చిండా?

లెక్కలమ్మాయి

2బీలో కనిపించింది, స్క్రీన్‌షాట్ కూడా ఆయనే పంపాడు. డబ్బు అడిగితే ‘వచ్చే బిల్లుతో కలిపి సర్దేద్దాం’ అంటున్నాడు.